బాడుగ పెంపు నోటీసు ఫొటోగా వస్తే ఏం రాయాలి

చంద్రశేఖరపురం లాంటి మండల కేంద్రంలో ఇంటి బాడుగ కొన్నేళ్ళుగా ఫోన్లోనే నడుస్తోంది. ఇల్లున్నవాళ్ళలో చాలామంది కనిగిరిలోనో ఒంగోలులోనో, కాకుంటే హైదరాబాదు, బెంగళూరుల్లోనో ఉంటున్నారు. బాడుగ ఫోన్‌పేలో వెళ్తుంది, మోటారు చెడిపోతే వాట్సాప్‌లో మాట్లాడుకుంటారు. అందుకే బాడుగ పెంచాలనుకున్నప్పుడు కూడా ఇంటాయన నోటుపుస్తకం కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, సంతకం పెట్టి, ఫొటో తీసి పంపేస్తాడు. కాగితం ఆయన దగ్గరే ఉంటుంది. మనకు ముట్టేది దాని బొమ్మ మాత్రమే. ఆ బొమ్మకు ఏం జవాబివ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నదే ఈ అధ్యాయం.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాని వెంటే నడుద్దాం. బస్టాండుకు దగ్గర్లో రెండు గదుల ఇల్లు. బాడుగ నెలకు 4,000. అడ్వాన్సు 8,000. బాడుగకున్నాయన ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాడు. ఇద్దరు పిల్లలు ఊళ్ళోనే బడికి పోతున్నారు. నిరుడు జూలైలో పదకొండు నెలలకు ఒప్పందం కాగితం రాసుకున్నారు. గడువు నిండాక ఇద్దరూ కొనసాగాలనుకుంటే బాడుగ నూటికి పది చొప్పున పెంచుకోవచ్చని అందులో ఉంది. ఈ ఏడు మే నెలాఖరుకు ఆ గడువు అయిపోయింది. కొత్త కాగితం ఎవరూ రాయలేదు, బాడుగా పెరగలేదు, పాత లెక్కనే నెలనెలా వెళ్తోంది. నవంబరు 27 సాయంత్రం వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. అందులో ఇలా ఉంది: “డిసెంబరు 1 నుంచి బాడుగ 5,500. నీళ్ళు, కరెంటు మీదే. అడ్వాన్సు కూడా సరిచేయాలి. ఇష్టం లేకపోతే ఇల్లు ఖాళీ చేయాలి.” పైన వేసిన తేదీ నవంబరు 20. అడుగున ఇంకో వరస మొదలైనట్టుంది కానీ ఫొటో అక్కడికి తెగిపోయింది. సంతకం కనిపించడం లేదు.

ఇలాంటిది చూడగానే చాలామంది రెండింట్లో ఒకటి చేస్తారు. “సరే అన్నా” అని కొట్టేస్తారు, లేదా బొటనవేలు బొమ్మ పెట్టేస్తారు. అది మర్యాద కోసం చేసిందే కావచ్చు. రేపు మాట తేడా వస్తే మాత్రం “ఒప్పుకున్నావు కదా, ఇదిగో” అని అదే చూపిస్తారు. ఇంకొందరు కోపంతో “నాలుగు రోజుల్లో ఎట్లా కుదురుద్ది, ఏం చేసుకుంటావో చేసుకో” అని వాయిస్ మెసేజ్ పంపుతారు. అదీ భద్రంగా నిలిచిపోతుంది. ఆ సాయంత్రానికి చేయాల్సిన పని ఒక్కటే: “అన్నా, మీరు పంపిన ఫొటో ముట్టింది. కింద భాగం తెగింది. ఇంట్లో మాట్లాడుకుని రెండు రోజుల్లో రాసి పంపుతాను” అని రాయడం. ఇందులో ఒప్పుకోలూ లేదు, కాదనడమూ లేదు. ఫొటో ఎప్పుడు ముట్టిందో మాత్రం తేలిపోతుంది.

తర్వాత ఆ ఫొటోను దాచుకోవాలి. వచ్చిన ఫొటోను అలాగే ఫోన్లో సేవ్ చేయండి. పంపిన నంబరు, తేదీ, గంట కనిపించేలా ఆ చాట్‌ను స్క్రీన్‌షాట్ తీయండి. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగు ఆ చాట్‌లో ఉందేమో చూసి, ఉంటే తీసేయండి. పంపినవాళ్ళు తమ మెసేజ్‌ను అందరికీ కనబడకుండా చెరిపేసే వీలు కొంత గడువుదాకా ఉంటుంది గనుక ఈ పని మర్నాటికి పెట్టుకోకూడదు. ఆ ఫొటో నేరుగా ఇంటాయన నంబరు నుంచి వచ్చిందా, ఆయన కొడుకో బావమరిదో ఫార్వర్డ్ చేసిందా అన్నదీ గమనించండి. ఒప్పందం కాగితం ఎవరి పేరున ఉందో ఆయన మాటే మనకు లెక్క.

ఇప్పుడు కాగితాలు బయటికి తీయాలి. ఒప్పందం, అడ్వాన్సు ఇచ్చినట్టు ఆధారం, ఆర్నెల్ల ఫోన్‌పే చెల్లింపులు. వీటిని ముందు పెట్టుకుని ఆ ఫొటోను మళ్ళీ నెమ్మదిగా చదివితే అందులో ఎన్ని మాటలు తేలకుండా ఉన్నాయో కనిపిస్తుంది. మన ఉదాహరణలో మొదటి చిక్కు “డిసెంబరు 1 నుంచి” అన్నదే. ఈ ఇంట్లో నెల గడిచాక, పై నెల 5లోపు బాడుగ ఇవ్వడం అలవాటు. డిసెంబరు మొదటి వారంలో కట్టేది నవంబరు బాడుగ. మరి 5,500 అన్నది ఆ కట్టుబడికా, జనవరిలో కట్టే డిసెంబరు బాడుగకా? తేడా 1,500 రూపాయలు.

రెండోది నీళ్ళు. ఈ ప్రాంతంలో ఇల్లు బాడుగకు తీసుకున్న ఎవరికైనా ఇది చిన్న మాట కాదని తెలుసు. వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు తెప్పించుకోవాలి. ఇన్నాళ్ళూ మోటారు మరమ్మతు ఇంటాయన భరించాడు, ట్యాంకరు ఖర్చు చెరిసగం పంచుకున్నారు. “నీళ్ళు మీదే” అంటే ట్యాంకరు మొత్తం మనమే పెట్టుకోవాలనా, మోటారు బాగుచేయించడం కూడా మనదేననా? అది తేల్చుకోకుండా 5,500కు ఒప్పుకుంటే ఏప్రిల్, మే నెలల్లో అసలు బాడుగ ఎంతో ఎవరికీ తెలియదు.

మూడోది అడ్వాన్సు. “సరిచేయాలి” అంటే ఎంతకు? రెండు నెలల బాడుగ లెక్కయితే 11,000 కావాలి, ఇంకో 3,000 ఇవ్వాలి. ఆయన మనసులో మూడు నెలల లెక్క ఉంటే 16,500. నోటీసులో అంకె లేదు. దీనికి తోడు తెగిపోయిన ఆఖరి వరస ఉంది. అందులో గడువు రాశాడేమో కూడా మనకు తెలియదు.

ఉత్తరంలో ఎంత గట్టిగా మాట్లాడాలో తెలియాలంటే చట్టం మనకు ఎంతవరకు తోడుంటుందో ముందు తెలుసుకోవాలి. ఈ విషయంలో అపోహలు ఎక్కువ. “కంట్రోలు బాడుగ చట్టం ఉంది, ఖాళీ చేయించలేరు” అనే మాట పల్లెల్లో కూడా వినిపిస్తుంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మునిసిపాలిటీల కోసం చేసింది. చంద్రశేఖరపురం పంచాయతీ. ఇలాంటి చోట సాధారణంగా చూసేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు ఇంటి బాడుగ నెలనెలా నడిచే బాడుగ కిందే లెక్క. 15 రోజుల నోటీసుతో దాన్ని ఇంటాయనైనా ముగించవచ్చు, మనమైనా ముగించవచ్చు. కారణం చెప్పాల్సిన పని లేదు. ఆ 15 రోజులు నోటీసు ముట్టిన రోజు నుంచి లెక్కకు వస్తాయి, కాగితం మీద వేసిన తేదీ నుంచి కాదు. అందుకే 20 కాదు, 27 ముఖ్యం.

నోటీసు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలనీ, పోస్టులో పంపాలి లేదా చేతికి ఇవ్వాలనీ, అది కుదరకపోతే ఇంటికి అతికించాలనీ అదే సెక్షన్ చెబుతుంది. దీన్ని పట్టుకుని “వాట్సాప్‌లో వచ్చింది కాబట్టి చెల్లదు” అని వాదించమని కొందరు సలహా ఇస్తారు. ఆ దారి నేను చెప్పను. ఆ మాట అన్న మర్నాడే ఇంటాయన అదే కాగితం పోస్టులో పంపితే మన వాదన అయిపోతుంది. పైగా 2003 నాటి సవరణ ప్రకారం, నోటీసులో చెప్పిన గడువు 15 రోజులకు తక్కువైందన్న ఒక్క కారణంతో, ఆ 15 రోజులు గడిచాక వేసిన దావాను కొట్టేయరు.

మనవైపు బలం కూడా ఉంది. బాడుగ ఒప్పందంతో కుదిరేది. ఒప్పందంలో వీలు లేకుండా ఒక్కరే కాగితం రాసి పెంచేస్తే అది మనల్ని కట్టేయదు. మనం ఒప్పుకోనప్పుడు ఆయనకున్న దారి నోటీసు ఇచ్చి బాడుగను ముగించడమే. గడువు దాటినా మనం కదలకపోతే ఆయన కోర్టుకు పోవాలి. సామాను బయట పెట్టడానికో, తాళం వేయడానికో ఆయనకు హక్కు లేదు. పదకొండు నెలల కాగితం గడువు తీరాక కూడా ఇంటాయన బాడుగ తీసుకుంటూ వచ్చాడు కాబట్టి అదే ఏర్పాటు నెలనెలా కొనసాగుతోందని చెప్పుకోవచ్చు. నూటికి పది అన్న మాటను గుర్తు చేయడానికి అది మంచి ఆధారం. 4,000 మీద నూటికి పది అంటే 4,400. ఆయన అడిగింది నూటికి 37న్నర పెంపు.

ఈ రెండు వైపులా చూస్తే ఉత్తరం తీరు ఏమిటో తేలుతుంది. ఇంటాయన తలచుకుంటే కొద్ది వారాల్లో బాడుగ ముగించగలడు. కాబట్టి బెదిరింపు పనికిరాదు. అలాగని నాలుగు రోజుల్లో 1,500 పెంచి కట్టాల్సిన బాధ్యత కూడా మనకు లేదు. కాబట్టి బతిమాలాల్సిన పనీ లేదు. ఈ మొదటి ఉత్తరంలో సెక్షన్లు రాయకండి. సెక్షను కనబడగానే అవతలాయన వకీలు దగ్గరికి వెళ్తాడు, అక్కడినుంచి ఇద్దరి మధ్య మాటలు ఆగిపోతాయి.

గడువు అడగడంలో అందరూ తప్పేది ఒకచోట. “కొంచెం టైము ఇవ్వండి” అని రాస్తారు. అట్లా రాస్తే ఆయన “వారం తీసుకో” అంటాడు. తేదీ వేసి, ఆ తేదీకి కారణం చెప్పి అడగాలి. మన ఉదాహరణలో రెండు తేదీలు సహజంగానే ఉన్నాయి. ఒకటి సంక్రాంతి. బయట ఊళ్ళలో ఉన్న ఇంటాయనలు ఎక్కువమంది పండక్కి ఊరికి వస్తారు. ఎదురుగా కూర్చుని మాట్లాడే రోజు అదే. రెండోది ఏప్రిల్ నెలాఖరు. బడులకు వేసవి సెలవులు అప్పుడే మొదలవుతాయి. పిల్లల చదువు మధ్యలో ఇల్లు మారలేమన్న మాట ఏ ఇంటాయనకైనా అర్థమవుతుంది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా బాడుగ పెంచే ముందు మూడు నెలల రాతపూర్వక నోటీసు ఉండాలంటోంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తనదిగా చేసుకుంటే తప్ప అమలు కాదు. కాబట్టి హక్కుగా అడగలేం. మనం కోరే గడువు విడ్డూరమైనది కాదని మన మనసుకు ధైర్యం రావడానికి మాత్రం పనికొస్తుంది.

ఇక ఉత్తరం. తెల్లకాగితం మీద చేత్తో రాస్తే చాలు.

చంద్రశేఖరపురం,
నవంబరు 29.

గౌరవనీయులైన ........... గారికి,

నమస్కారం. బాడుగ గురించి మీరు రాసిన కాగితం ఫొటో నవంబరు 27 సాయంత్రం నా ఫోనుకు వాట్సాప్‌లో ముట్టింది. కాగితం మీద తేదీ నవంబరు 20 అని ఉంది. ఫొటోలో కింది భాగం తెగిపోయింది, ఆఖరి వరస, సంతకం కనబడలేదు. దయచేసి కాగితం మొత్తం కనిపించేలా ఇంకోసారి ఫొటో పంపండి, వీలైతే అసలు కాగితం పంపండి.

మీ ఇంట్లో నిరుడు జూలై నుంచి ఉంటున్నాను. నెలకు 4,000 చొప్పున అక్టోబరు బాడుగ వరకు ముట్టజెప్పాను. నవంబరు బాడుగ ఎప్పటిలాగే డిసెంబరు 5లోపు 4,000 పంపుతాను. అడ్వాన్సు 8,000 మీ దగ్గర ఉంది.

మీ కాగితంలో నాకు అర్థం కాని సంగతులు మూడు ఉన్నాయి. 5,500 అన్నది డిసెంబరు మొదటి వారంలో కట్టే నవంబరు బాడుగకా, జనవరిలో కట్టే డిసెంబరు బాడుగకా? నీళ్ళు మావే అన్నారు, మోటారు మరమ్మతు, వేసవిలో ట్యాంకరు ఖర్చు ఇకమీదట ఎవరివి? అడ్వాన్సు ఎంతకు సరిచేయాలి?

మన ఒప్పందం కాగితంలో గడువు నిండాక నూటికి పది పెంచుకోవచ్చని రాసుకున్నాం. ఆ లెక్కన 4,400 అవుతుంది. జనవరి నెల బాడుగ నుంచి 4,400 ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. అంతకుమించి పెంపు గురించి మీరు సంక్రాంతికి వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. మన మాట కుదరక ఇల్లు మారాల్సి వస్తే, పిల్లల బడి అయ్యేదాకా, అంటే ఏప్రిల్ 30 వరకు గడువు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అంతవరకు బాడుగ, కరెంటు బిల్లు తప్పకుండా కడతాను, ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటాను.

పెంపు మీద మనం మాట్లాడుకుని తేల్చుకునేదాకా ఈ ఉత్తరాన్ని 5,500కు ఒప్పుకోలుగా తీసుకోవద్దని మనవి. డిసెంబరు 10లోపు జవాబు రాయగలరు.

ఇట్లు,
(సంతకం, పేరు, ఫోను నంబరు)

ఈ ఉత్తరంలో రెండో పేరా మీద కాస్త ఆగండి. చూడటానికి అది ఉత్త వివరమే. కానీ ఎప్పటినుంచి ఉంటున్నాం, ఏ నెల వరకు కట్టాం, అడ్వాన్సు ఎంత అన్న మూడు సంగతులూ అందులో నమోదయ్యాయి. ఊళ్ళలో అడ్వాన్సుకు రసీదు ఇచ్చేవాళ్ళు తక్కువ. ఆయన ఈ ఉత్తరం అందుకుని 8,000 మాటను కాదనకుండా జవాబిస్తే, రేపు ఖాళీ చేసే రోజున ఆ మౌనం మనకు కొంత ఆధారం. ఇన్నాళ్ళూ రాతలో లేని సంగతిని పోట్లాట లేకుండా రాతలోకి తెచ్చే అవకాశం ఆయన నోటీసే మనకు ఇచ్చింది.

ఏప్రిల్ 30 అన్న వాక్యంలో “మారాల్సి వస్తే” అన్న షరతు వదలకండి. ఊరికే “ఏప్రిల్ 30కి ఖాళీ చేస్తాను” అని రాస్తే, బాడుగ విషయం కుదిరినా కుదరకపోయినా వెళ్ళిపోతామని మనమే రాసిచ్చినట్టవుతుంది. 4,400 మాట కూడా నిజంగా ఇవ్వగలిగితేనే రాయాలి. కాగితంలో పెంపు మాటే లేనివాళ్ళు తమకు వీలైన అంకె రాసుకోవచ్చు, లేదా అంకె రాయకుండా మాట్లాడుకుందామని మాత్రం అడగవచ్చు.

సంతకం పెట్టాక ఉత్తరాన్ని జిరాక్సు తీయించి దాచుకోండి. దాన్ని నాలుగు మూలలూ కనిపించేలా వెలుగులో ఫొటో తీసి, అదే వాట్సాప్ చాట్‌లో డాక్యుమెంటుగా పంపండి. మామూలు ఫొటోగా పంపితే అక్షరాలు మసకబారవచ్చు. అసలు కాగితం పోస్టాఫీసుకు తీసుకెళ్ళి స్పీడ్ పోస్టు చేయండి. పాత రిజిస్టరు పోస్టు 2025లో స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది. ముట్టినట్టు ఆధారం కావాలని కౌంటరులో అడగండి, రసీదును జిరాక్సుకు పిన్ను కొట్టి ఉంచండి. ఇదంతా అనుమానంతో చేస్తున్నట్టు ఇంటాయనకు అనిపించకుండా “అన్నా, ఫోన్లో సరిగా కనిపించదని కాగితం కూడా పోస్టు చేశాను” అని ఒక ముక్క చెప్పండి.

డిసెంబరు 5 వచ్చింది. ఇంకా జవాబు లేదు. బాడుగ ఆపకూడదు. మంచి ఉత్తరాలు కూడా చెడేది ఇక్కడే. “తేలాక కడదాంలే” అని ఆగితే, బాడుగ పెంపు గొడవ కాస్తా బాడుగ ఎగ్గొట్టిన గొడవ అవుతుంది, న్యాయం ఆయనవైపు తిరుగుతుంది. 4,000 పంపి, ఫోన్‌పేలో మెసేజ్ రాసే చోట “నవంబరు బాడుగ” అని రాయండి. ఆయన డబ్బు వెనక్కి పంపితే ఆ స్క్రీన్ దాచుకుని, మనియార్డరు చేయండి. మనియార్డరు తిరిగొచ్చినా ఆ రసీదు మీరు ఇవ్వజూపారనడానికి సాక్ష్యం. ఒత్తిడికి తట్టుకోలేక 5,500 కట్టేస్తే మాత్రం, అదే రోజు “మాట్లాడుకునేదాకా తాత్కాలికంగా పంపాను, పెంపుకు ఒప్పుకున్నట్టు కాదు” అని రాసి పంపాలి. ఏమీ రాయకుండా రెండు మూడు నెలలు ఎక్కువ కడుతూ పోతే అదే కొత్త బాడుగగా స్థిరపడుతుంది.

ఇంటాయన ఫోన్ చేసి మాట్లాడవచ్చు. సాధారణంగా జరిగేది అదే, మంచిదే. “సరే, ఇప్పుడు 4,400 ఇయ్యి, ఏప్రిల్ తర్వాత ఐదు వేలు చేద్దాం, ట్యాంకరు సగం నాది” అంటాడనుకోండి. ఆ మాట అక్కడితో వదలకుండా ఫోన్ పెట్టేశాక రాసి పంపాలి: “అన్నా, ఇప్పుడు మాట్లాడుకున్నట్టు జనవరి బాడుగ నుంచి 4,400, మే బాడుగ నుంచి 5,000, ట్యాంకరు చెరిసగం, అడ్వాన్సు 8,000 అలాగే. ఏదైనా తేడా ఉంటే చెప్పండి.” ఆయన “అట్నే” అంటే చాలు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇవే అంకెలతో కొత్త కాగితం రాసుకోవాలి, ఈసారి నీళ్ళ మాట, నోటీసు గడువు అందులో విడిగా పెట్టించుకోవాలి. నోటీసుకు రెండు నెలల గడువని ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటే, చట్టంలోని 15 రోజులకు బదులు ఆ రెండు నెలలే నడుస్తాయి.

డిసెంబరు 10 దాటినా జవాబు రాకపోతే ఇంకోసారి మెసేజ్ చేసి, మొదటి ఉత్తరం తేదీ గుర్తుచేయండి. ఖాళీ చేయమని వకీలు నోటీసు వచ్చినా, తాళం వేస్తామన్నా, అప్పుడు సొంత ఉత్తరాలతో సరిపెట్టుకోకూడదు. న్యాయ సేవల అధికార సంస్థ సహాయ నంబరు 15100. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టిస్తారు, మిగతావాళ్ళలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఒప్పందం కాగితం, ఫొటో స్క్రీన్‌షాట్, మీ ఉత్తరం జిరాక్సు, స్పీడ్ పోస్టు రసీదు, ఆర్నెల్ల బాడుగ చెల్లింపులు తీసుకెళ్ళండి.